పురిటింట్లో మొగుడికి చోటెక్కడ?

మా కోనసీమలో తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పిల్లని తీసుకొస్తారు, బిడ్డకి మూడో నెలో ఐదో నెలో వచ్చాక సారె పెట్టి అత్తారింటికి పంపుతారు. ఈ పద్ధతి మీద నాకు కోపం లేదు. కుట్లు మానేదాకా పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వకుండా, వేళకి వేడన్నం పెట్టే చోటు ఆడపిల్లకి ఇంకెక్కడ దొరుకుతుంది? నా కోపం ఒక్కటే. ఆ నెలలన్నీ బిడ్డ తండ్రిని మనం చుట్టాన్ని చేసి కూర్చోబెడతాం. ఆ తర్వాత ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఏదో తేడా వచ్చిందేమిటా అని ఆశ్చర్యపోతాం.

నా సంగతే చెప్తాను. మా పుట్టింటిది రాజోలు దగ్గర ఊరు. ఆయన భీమవరం వైపు రొయ్యల చెరువులు చూసుకుంటారు. ఆపరేషన్ చేసి పాపని తీశారు. మూడో రోజు నుంచి నాకు ఊరికే ఏడుపొచ్చేది. అది చాలామందికి వచ్చేదే. కాన్పయ్యాక హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ఉండదు, ఒళ్ళంతా నొప్పులు. ఆ ఏడుపు రెండు వారాల్లోపు దానంతటదే తగ్గిపోవాలి. నాకు తగ్గలేదు. అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అని అప్పుడు నాకు తెలీదు. ఇరవై ఒకటో రోజు బారసాలకి కొత్త చీర కట్టుకుని ఉయ్యాల పక్కన కూర్చున్నాను. అందరూ పాటలు పాడుతుంటే ఎవరి బిడ్డ వేడుకకో వచ్చినట్టు ఉంది నాకు.

అన్నిటికంటే నిద్ర సంగతి చెప్పాలి, ఎందుకంటే తేడా తెలిసేది అక్కడే. పసిపిల్లల తల్లికి నిద్ర చాలదు, అది మామూలే. కానీ పాప పడుకుని, అమ్మ పక్కనే ఉండి, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నా నాకు కన్ను మూతపడేది కాదు. పాప ఊపిరి తీస్తోందా లేదా అని మళ్ళీ మళ్ళీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదాన్ని. తెల్లారితే మాత్రం పాపని ఎత్తుకోవాలని అనిపించేది కాదు. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయని అడగకండి, ఉంటాయి. అమ్మ దిష్టి తీసింది. పిన్ని "బాలింతవి కదమ్మా, పచ్చి ఒళ్ళు, అలాగే ఉంటుంది" అంది. ఇద్దరికీ నా మీద ప్రేమే. కానీ ఎవరూ "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని అడగలేదు.

ఆయన ఆదివారం ఆదివారం చెరువు పని ముగించుకుని చించినాడ వంతెన దాటి వచ్చేవారు. అల్లుడుగారు కాబట్టి హాల్లో కుర్చీ, కోడికూర, పెద్ద అరిటాకు. నేను లోపలి గదిలో చెవుల్లో దూది పెట్టుకుని, సాంబ్రాణి పొగలో. పాపని తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేవారు, అది కాస్త కేరుమనగానే "మీకు రాదులెండి బాబూ, ఇలా ఇవ్వండి" అని తీసేసుకునేవారు. నాతో మాట్లాడదామంటే గదిలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. సాయంత్రం అయ్యేసరికి బండెక్కి వెళ్ళిపోయేవారు. పెళ్ళికి ముందు నేను ఎలా ఉండేదాన్నో, నా నవ్వు ఎలా ఉంటుందో దగ్గరగా ఎరిగిన మనిషికే నన్ను సరిగ్గా చూసే వీలు లేకపోయింది.

నాలుగో నెలలో అత్తారింటికి వెళ్ళాక సమస్య ఇంకా ముదిరింది. ఆయనకి పాపని ఎత్తుకోవడం రాదు, ఎందుకంటే ఎవరూ ఎత్తుకోనివ్వలేదు. ఎత్తుకుంటే పాప ఏడ్చేది, ఎందుకంటే ఆ ఒళ్ళు దానికి కొత్త. నేను విసుక్కుని లాక్కునేదాన్ని. ఆయన రాత్రుళ్ళు చెరువు గట్టు మీదే ఉండిపోవడం మొదలుపెట్టారు. ఈయనకి మేం అక్కర్లేదని నేను అనుకున్నాను. ఈ ఇంట్లో నాకు చోటు లేదని ఆయన అనుకున్నారట. చాలా రోజుల తర్వాత చెప్పారు, "నా కూతుర్ని చూడ్డానికి మీ వాళ్ళ పర్మిషన్ అడుగుతున్నట్టు ఉండేది" అని. బిడ్డ పుట్టాక తండ్రులకి కూడా డిప్రెషన్ వస్తుంది. వాళ్ళలో అది చాలాసార్లు ఏడుపుగా కనబడదు, చిరాకుగానో ఇంటికి దూరంగా ఉండిపోవడంగానో కనబడుతుంది.

టీకాలకి వెళ్ళిన ప్రతిసారీ పాప బరువు తూచారు, కార్డులో రాశారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చివరికి ఒక లేడీ డాక్టరు నా మొహం చూసి కూర్చోబెట్టి పది ప్రశ్నలున్న కాగితం ఇచ్చారు. దాన్ని ఎడిన్‌బరో స్కేల్ అంటారు. 1987లో తయారైంది, తెలుగులో కూడా ఉంది. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగారా, కారణం లేకుండా భయపడ్డారా, దిగులుతో నిద్ర పట్టలేదా, ఇలాంటి ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 30. 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ అయ్యే అవకాశం గట్టిగా ఉన్నట్టు. కొన్నిచోట్ల 10 వచ్చినా జాగ్రత్త పడతారు. జబ్బు ఉందో లేదో తేల్చేది మాత్రం డాక్టరే, ఆ కాగితం కాదు. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి అవునని రాస్తే మొత్తం ఎంత వచ్చినా సరే, అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి.

ఆ డాక్టరు ముందు రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించారు, ఎందుకంటే రక్తహీనత, కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ తేడా కూడా ఇలాంటి నీరసం, దిగులు తెస్తాయి. ఆ తర్వాత సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. పాలిచ్చే తల్లులకి ఎక్కువగా వాడే మందు సెర్ట్రాలిన్, అది పాలలోకి చాలా తక్కువ వెళ్తుంది. పాలు మాన్పించాల్సిన పని రాలేదు. మందు పట్టడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగైంది కదా అని మధ్యలో ఆపొద్దని ముందే చెప్పారు.

ఆ లేడీ డాక్టరు చేసిన అసలు వైద్యం మాత్రం ఆయన్ని బయట బెంచీ మీద నుంచి లోపలికి పిలవడం. "మీ భార్యకి రాత్రి ఆపకుండా నాలుగైదు గంటలు నిద్ర కావాలి. అది మీరే ఇవ్వాలి" అన్నారు. నేను పడుకునే ముందు పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. పాప లేస్తే ఆయన ఆ గిన్నెని గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, మరిగించి ఉంచిన ఉగ్గుగిన్నెతో పట్టేవారు. మొదట్లో సగం పాలు పాప మెడ మీదే కారేవి. మా అత్తగారు లోపలికి రాబోతే ఆయనే "నేను చూసుకుంటానమ్మా" అన్నారు. కొద్ది రోజులకి పాప ఆయన భుజం మీద నిద్రపోవడం నేర్చుకుంది. నేను గోడవైపు తిరిగి పడుకోవడం నేర్చుకున్నాను.

ఇంకొక్క సంగతి, దీనికి మాత్రం ఆలస్యం పనికిరాదు. కాన్పయిన మొదటి వారాల్లో బాలింత నిద్ర లేకున్నా అలసట తెలియకుండా తిరుగుతుంటే, లేని మాటలు వినబడుతున్నాయంటే, బిడ్డని ఎవరో మార్చేశారని, చంపేస్తారని అంటుంటే, గాలి సోకిందని తాయెత్తులు కట్టించకండి. అది సైకోసిస్ అనే తీవ్రమైన మానసిక జబ్బు కావచ్చు. ఆ రోజే సైకియాట్రీ వార్డున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి, తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకూడదు. అంతదాకా రాని దిగులైతే 14416కి ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే నెలలో మా చెల్లి పురిటికి వస్తోంది. మరిదిగారు వచ్చినప్పుడు ఆయన మంచం లోపలి గదిలోనే వేయాలని, రాత్రి బిడ్డ ఏడిస్తే ముందు ఆయన్ని లేపాలని అమ్మతో చెప్పాను. "అల్లుడి చేత గుడ్డలు మార్పిస్తే ఊళ్ళో ఏమంటారే" అంది. అననీ అన్నాను. ఇంకా సరే అనలేదు, కానీ నిన్న ఆ గదిలో రెండో మంచం పడుతుందో లేదో నాన్న చేత కొలిపించింది.