వారం పాటు సొరకాయే వండాలంటే ముందు దాని నీళ్ల సంగతి చూడాలి

పెరట్లో తీగ కాపు మీదున్నప్పుడు సొరకాయలు ఒకటీ రెండూ చొప్పున రావు. ఒకేసారి నాలుగైదు దిగుతాయి. ఇంట్లోవాళ్లు మూడో రోజుకే "మళ్లీ సొరకాయా?" అంటారు. నా ఉద్దేశంలో వాళ్లకు విసుగు పుట్టేది కాయ మీద కాదు, ప్రతిరోజూ కంచంలోకి అదే మెత్తటి, నీళ్ల నీళ్ల ముక్క రావడం మీద. సొరకాయలో 95 శాతం దాకా నీరే. ఆ నీటిని ఏ రోజు ఉంచాలి, ఏ రోజు తీసెయ్యాలి, ఏ రోజు వాడుకోవాలి అని ఆలోచిస్తే వారం తేలిగ్గా గడిచిపోతుంది. మసాలాలు మార్చినంత మాత్రాన ఆ తేడా రాదు.

కత్తి పెట్టే ముందు కాయల్ని వేరు చెయ్యండి. గోరు గుచ్చితే సులువుగా దిగేది లేత కాయ. దాని తొక్క పలచన, త్వరగా వాడిపోతుంది కాబట్టి ముందు దాన్నే వండాలి. గోరు దిగనిది ముదురు కాయ. కొయ్యకుండా ఉంచితే అది వారం చివరిదాకా ఆగుతుంది. రెండు కాయలు ఒకేసారి కోసి పెట్టుకోవద్దు.

కోసిన ప్రతి కాయ నుంచీ చిన్న పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారెయ్యాలి. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాల వల్ల వస్తుంది. వండినా అవి పోవు. వాంతులు, విరేచనాలే కాదు, ఒక్కోసారి రక్తస్రావం దాకా వెళుతుంది. ఉప్పు, చింతపండు వేసి చేదును కప్పిపుచ్చే పని అసలు చెయ్యొద్దు. ఒకే తీగకు కాసినవి కదా అని ఒక్కటే రుచి చూసి ఊరుకోవడం కూడా సరికాదు.

మొదటి రోజు లేత కాయతో పాలు పోసిన కూర చెయ్యండి. ముక్కల్లో చుక్క నీళ్లు పొయ్యకుండా, ఉప్పు వేసి మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచితే వాటి నీటిలోనే ఉడుకుతాయి. ఆ నీరు ఇగిరాకే పాలు పొయ్యాలి. ముందే పోస్తే కూర పలచనైపోతుంది. అదే కాయ తొక్క తీసి ఉంచుకుంటే మర్నాటికి పచ్చడి. తొక్కని నూనెలో తడి పోయేదాకా వేయించాలి. సరిగ్గా వేగకపోతే పచ్చడి పసరు వాసన వేస్తుంది. పప్పు చేసే రోజు కుక్కర్లో ఎప్పుడూ పోసేదానికన్నా ఓ అరకప్పు నీళ్లు తగ్గించండి, మిగతాది ముక్కలే ఇస్తాయి.

వారం మధ్యలో సర్వపిండి చెయ్యమని అందరికీ చెబుతాను. ఆ రోజు సొరకాయ కూరలా కనిపించదు, కరకరలాడుతూ వస్తుంది. రెండు కప్పుల తురుములో ఉప్పు కలిపి పది నిమిషాలు వదిలేస్తే గిన్నె అడుగున నీరు చేరుతుంది. దాన్ని పిండి పారబోసి, మళ్లీ కుళాయి నీళ్లతో పిండి కలపడం చాలా ఇళ్లలో చూస్తుంటాను. ఆ పద్ధతి నాకు నచ్చదు, రుచంతా ఆ నీటిలోనే పోతుంది. అదే నీటిలోకి రెండు కప్పుల బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, జీలకర్ర, కారం వేసి కలపండి. పిండి కొద్దికొద్దిగా వేస్తూ, ముద్ద చేతికి అంటుకోవడం మానగానే ఆపండి. అద్దుతుంటే అంచులు పగిలితే తడి చాలలేదని, చెయ్యి తడి చేసుకోవాలి. అరగంట ఆగితే ముద్ద జారుగా అయిపోతుంది, ఉప్పు ఇంకా నీరు లాగుతూనే ఉంటుంది మరి. అందుకే రెండు విడతలుగా కలుపుకోవడం మేలు. నూనె రాసిన మూకుడులో పలచగా అద్ది, మధ్యమధ్య చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేసి, మూతపెట్టి కాల్చాలి. చివరి రెండు నిమిషాలు మూత తీసెయ్యకపోతే ఆవిరి దిగి మెత్తబడుతుంది.

ఆఖరికి మిగిలేవి ముదురు కాయలు. గింజలూ, లోపలి బూరులాంటి గుజ్జూ తీసేసి పెద్ద ముక్కలు కోస్తే పులుసులో చెదరవు. ఇంకా మిగిలితే హల్వా. తురుముని నెయ్యిలో తడి ఆరేదాకా వేయించి, పాలు పోసి, అవి దగ్గరపడ్డాకే చక్కెర వెయ్యాలి. చక్కెర పడగానే మళ్లీ పలచనవుతుంది, భయపడక్కర్లేదు, గరిటెకు ముద్దగా వచ్చేదాకా కలుపుతూ ఉండాలి. హల్వా చేసే ఓపిక ఆ రోజు లేకపోతే తురుముని వేయించేదాకా చేసి, చల్లారాక ఒక్కో వంటకు సరిపడా పొట్లాలుగా ఫ్రీజర్లో పెట్టండి. పచ్చి ముక్కల్ని మాత్రం పెట్టొద్దు, కరిగాక చితికిపోయి ఏ కూరకూ పనికిరావు.