చెల్లని ఓటు వేయదలచినవారికి ఒక మనవి

నామినేషన్ వేయదు, కరపత్రం పంచదు, ఎవరి గడపా తొక్కదు. అయినా మా ఊళ్లో ప్రతి పంచాయతీ ఎన్నికలోనూ నాలుగు ఓట్లు తెచ్చుకునే అభ్యర్థి ఒకటుంది. దాని పేరు చెల్లని ఓటు. లెక్కింపు బల్ల మీద దానికంటూ వేరే కట్ట ఉంటుంది. దాని తరఫున ఏజెంటు మాత్రం ఉండడు. ఇంత నిరాడంబర అభ్యర్థికి అన్యాయం జరగకూడదని, ఏ పక్షానికీ చెందని మా యువజన సంఘం ఈ ప్రకటన చేస్తోంది.

తెలంగాణలో సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నిక ఇంకా కాగితం మీదే జరుగుతుంది. అసెంబ్లీకి మిషన్ మీద మీట నొక్కి అలవాటైన మా కుర్రాళ్లు ఇక్కడికొచ్చి బ్యాలెట్ పేపర్ మీద వేలితో నొక్కి, బీప్ కోసం ఎదురుచూస్తారు. అందుకని గ్రంథాలయం గదిలో నమూనా పోలింగ్ పెట్టాం.

ముందు వచ్చిన చిక్కు తటస్థత. ఉంగరం, కత్తెర, బ్యాట్ లాంటి, మా ఊరి అభ్యర్థులకు వచ్చే గుర్తులు పెడితే ఫలానా వాళ్లకు ప్రచారం చేస్తున్నారంటారు. అందుకే మా ఊళ్లో ఎవరికీ రాని బెండకాయ, వంకాయ పెట్టాం. సాయంత్రానికి ఊరు రెండుగా చీలింది. వంకాయ ఏ కులానిదని ఒక పెద్దమనిషి మెల్లగా ఆరా తీశాడు.

రెండో చిక్కు ముద్ర. అసలు రబ్బరు స్టాంపు ఎన్నికల సిబ్బంది దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు. ఆలుగడ్డను అడ్డంగా కోసి, చివర్లు ఒకే వైపు తిరిగిన స్వస్తిక్ గుర్తు చెక్కాం. ముద్ర వేస్తే చివర్లు ఎదురు దిక్కుకు తిరిగి పడ్డాయి. చెక్కినవాణ్ని నానా మాటలూ అన్నాక అర్థమైంది, అద్దంలో బొమ్మలా ముద్రెప్పుడూ తిరగబడే పడుతుందని. ఆ గుర్తునే ఎందుకు పెట్టారో కూడా అప్పుడే తెలిసింది. సిరా ఆరకముందే కాగితం మడిస్తే ఇంకో అభ్యర్థి గడిలో మరక పడుతుంది. అది మాత్రం మళ్లీ తిరగబడి ఉంటుంది. ఏది వేసిన ముద్రో, ఏది అంటుకున్న మరకో చివర్ల దిక్కు చూసి అధికారి చెప్పేస్తాడు. మరక పడిందని ఓటు చెల్లకుండా పోదు. గుండ్రటి చుక్క ముద్రైతే ఏది ముద్ర, ఏది మరక అని తెల్లారేదాకా తగువే. రెండో ఆలుగడ్డ మీద తిరగేసి చెక్కాం. ఎన్నికల వ్యయం: రెండు ఆలుగడ్డలు, ఒక సిరా డబ్బా.

పోలైన ఓట్లు 42. చెల్లనివి 6. ఒక్కోదాని వెనక ఒక్కో జీవిత దర్శనం ఉంది కాబట్టి వివరిస్తాను.

ఒకాయన బెండకాయ మీదా, వంకాయ మీదా ముద్ర గుద్దాడు. "ఇద్దరి ఇంట్లోనూ భోజనం చేశాను, ఒకరికే వేస్తే బాగుంటుందా?" అన్నాడు. ఆ ధర్మబుద్ధికి నమస్కరించి కాగితాన్ని చెల్లని కట్టలో పెట్టాం. ఒకే అభ్యర్థి గడిలో రెండుసార్లు గుద్దినవాడిది మాత్రం చెల్లింది, ఎవరికి వేశాడో స్పష్టంగానే ఉంది కదా.

రిటైరైన పంతులుగారు ముద్ర సరిగ్గా వేసి, కింద తేదీతో సహా సంతకం పెట్టారు. సంతకం లేని కాగితం చెల్లదని నలభై ఏళ్లు చెప్పినాయన ఆయన. ఇక్కడ తిరకాసు ఏమిటంటే, వేసినవారు ఎవరో తెలిసేలా ఏ రాత ఉన్నా ఓటు చెల్లదు. రహస్య ఓటు కాబట్టి. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

ఒకరు రెండు గళ్ల మధ్య గీత మీద ముద్ర వేశారు. ఎవరికి పడిందో చెప్పలేం కాబట్టి ఎవరికీ పడలేదు. మరొకరు ఖాళీ కాగితం వేసి, అది నోటా అన్నారు. నోటాకు వేరే గడి ఉంటుందనీ, దాని మీదా ముద్ర వేయాల్సిందేననీ చెబితే, "ఎవరూ వద్దనడానిక్కూడా ఇంత పనా!" అని విసుక్కున్నారు.

మిగిలిన రెండూ వేలిముద్రలు. ఒకటి ఎల్లవ్వది. చదువు రానివాళ్లు బ్యాలెట్ తీసుకునేముందు కౌంటర్‌ఫాయిల్ మీద వేలిముద్ర వేస్తారు. ఆ సిరా బొటనవేలికి అట్లాగే ఉండగా కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్లింది అవ్వ. ఇందాక వేలు పెట్టమన్నారు కదా, ఇక్కడా వేలే పెట్టింది. ఆలుగడ్డను ముట్టుకోలేదు. ఇచ్చిన స్టాంపుతో వేసిందే ఓటు, వేలిముద్ర ఓటు కాదు.

"అవ్వా, ముద్ర గిట్ల కొట్టాలె."

"పింఛన్‌కు ఏలే పెట్టమంటరు, బియ్యానికి ఏలే పెట్టమంటరు. గిప్పుడు ఏలు వద్దంటే ఎట్ల బిడ్డా?"

మా దగ్గర జవాబు లేదు. తడిగుడ్డ మాత్రం ఉంది. వేలు తుడుచుకుని లోపలికి వెళ్లమన్నాం.

మడత సంగతి కూడా అవ్వకే చూపించాం. పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి కాబట్టి మొదటి మడత నిలువునా, ఎడమ అంచు కుడి అంచు మీదికి వచ్చేలా వేయాలి. అప్పుడు పచ్చి సిరా అంటుకున్నా అదే అభ్యర్థి వరుసలోనే అంటుకుంటుంది. ఆ తర్వాతే అడ్డంగా. పై అంచును కిందికి తెస్తే మాత్రం వంకాయ సిరా పోయి బెండకాయను ముద్దాడుతుంది. అవ్వ ఒక్కసారి చూసి తమలపాకు చిలక చుట్టినంత చక్కగా మడిచి ఇచ్చింది.

ఇదంతా రెండుసార్లు చేయాలి. గులాబీ కాగితం సర్పంచ్‌కి, తెల్లది వార్డు సభ్యుడికి. తెల్లదాన్ని కొందరు రసీదు అనుకుని జేబులో పెట్టుకుని ఇంటికి బయల్దేరతారు. బయటికి తీసుకుపోవడం కుదరదు, పెట్టెలో వేయాల్సిందే. పైగా ఉప సర్పంచ్ అయ్యేది తెల్ల కాగితం మీద గెలిచినవాళ్లలో ఒకరే. సర్పంచ్ కోసం తలలు పగలగొట్టుకునే మా ఊరు ఈ సంగతిని లెక్కింపు అయిన సాయంత్రం గుర్తు తెచ్చుకుంటుంది.

పోలింగ్ పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే. అసెంబ్లీకి లాగా అన్నం తిని, కునుకు తీసి సాయంత్రం వెళ్దామంటే కుదరదు. ఒంటిగంటకు వరుసలో ఉన్నవాళ్లకు చీటీలిచ్చి ఓటు వేయిస్తారు, తర్వాత వచ్చినవాళ్లకు లేదు. భోజనాలయ్యాక 2 గంటలకు లెక్కింపు.

మా లెక్కింపు ఫలితం ఇదీ: బెండకాయ 17, వంకాయ 17, నోటా 2. సమానమైతే అధికారి చీటీ తీస్తాడు, చీటీ వచ్చినవారికి ఒక ఓటు కలిసినట్టు లెక్క. ఎవరికీ అనుమానం రాకూడదని ఆరేళ్ల పిల్లతో తీయించాం. వంకాయ వచ్చింది.

బెండకాయ వర్గం ఇప్పుడు రీకౌంటింగ్ అడుగుతోంది. పంతులుగారు ఆ కాగితంలో తాను ముద్ర వేసింది బెండకాయకేనని బాహాటంగా చెబుతున్నారు, సంతకం సాక్ష్యమట. ఎల్లవ్వను అడిగితే, "నేను ఎవలికేసిన్నో చెప్తనా, గది రహస్యం గాదా?" అని, తుడిచినా పోని సిరా వేలిని కొంగులో దాచుకుంది.