‘మే యు సెండ్ ద ఫైల్’: తథాస్తు!

ఇంగ్లిష్ మర్యాదకు ఒక నిచ్చెన ఉందట. అట్టడుగు మెట్టు మీద ‘కెన్’, దాని పైన ‘కుడ్’, ఆ పైన ‘వుడ్’, శిఖరం మీద ‘మే’. ఎక్కేకొద్దీ వినయం పెరుగుతుందట. స్పోకెన్ ఇంగ్లిష్ గైడ్లలో, ఆఫీసు ట్రైనింగ్ స్లైడ్లలో, ఫోన్లకు ఫార్వర్డయ్యే రంగురంగుల పోస్టర్లలో ఈ నిచ్చెన మీరూ చూసే ఉంటారు. పక్కనే పైకి చూపించే బాణం ఒకటి. ఎవరు గీశారో గానీ, ఆ బాణాన్ని నమ్ముకుని ఉద్యోగులు రోజూ ఒకరినొకరు ఆశీర్వదించుకుంటున్న సంగతి ఆ మహానుభావుడికి తెలిసినట్టు లేదు.

ఆశీర్వాదమేమిటంటారా? పై మెట్టు మీదే కూర్చోవాలని పట్టుబట్టిన ఒక ఉద్యోగి తన మేనేజరుకు ఇలా మెయిల్ కొడతాడు: ‘మే యు ప్లీజ్ సెండ్ ద ఫైల్ బై ఫైవ్.’ అడిగే వాక్యంలో ‘మే’ పక్కన మామూలుగా ‘ఐ’ ఉంటుంది, లేదా ‘వి’ ఉంటుంది. అక్కడ ‘యు’ వచ్చి కూర్చుందంటే అది అడగడం కాదు, దీవించడం. ‘మే యు లివ్ లాంగ్’ అనే వాక్యానికి ఇది సొంత తమ్ముడు. కాబట్టి మనవాడు ఫైలు అడగలేదు. సాయంత్రం ఐదులోగా మేనేజరు ఫైలు పంపుగాక అని అక్షింతలు వేశాడు.

ఇప్పుడు మేనేజరు పరిస్థితి చూడండి. దీవెనకు ఎవరైనా ఏం జవాబిస్తారు? తల వంచి స్వీకరిస్తారు. ఆయనా అదే చేశాడు. మూడింటికి రెండో మెయిల్ వచ్చింది: ‘మే యు కైండ్లీ సెండ్.’ దీవెన మరింత దయాపూరితమైంది, ఫైలు మాత్రం కదల్లేదు. నాలుగింటికి జెంటిల్ రిమైండర్, సీసీలో మరో ఇద్దరు. అంటే ఇక సామూహిక ఆశీర్వచనం. మధ్యలో ఆ ‘ప్లీజ్’ ఒకటి! దయచేసి నూరేళ్లు వర్ధిల్లు నాయనా అని ఎవరైనా దీవించగా విన్నారా? ఐదు దాటాక మనవాడికి ఓపిక నశించి, నిచ్చెన మీద మెట్లు అయిపోవడంతో సొంతంగా ఒకటి కట్టుకున్నాడు: ‘మే యు బి సెండింగ్.’ మేనేజరు ఇక నిరంతరాయంగా, అఖండంగా ఫైళ్లు పంపుతూనే ఉండుగాక. ఇంతా చేసి ఫైలు రాకపోతే తప్పు ఆయనది కాదు. దీవించినవాడికి తపశ్శక్తి చాల్లేదు.

అక్కడ రాయాల్సింది ‘కుడ్ యు సెండ్ ద ఫైల్ బై ఫైవ్?’ అని. ‘మే’ మీద అంత మోజుంటే వాక్యాన్ని తన వైపు తిప్పుకుని ‘మే ఐ హావ్ ద ఫైల్ బై ఫైవ్?’ అనాలి. కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది గానీ తప్పు కాదు. ‘మే’ అనుమతికి సంబంధించిన మాట. ఇచ్చే అధికారం ఎదుటివారి చేతిలో ఉందని ఒప్పుకుంటుంది కాబట్టే ‘మే ఐ’ వినయంగా వినిపిస్తుంది. అదే ‘మే’ ‘యు మే గో నౌ’ అన్నప్పుడు అధికారం మాట్లాడేవాడి చేతిలోకి వచ్చేస్తుంది. శిఖరం మీది మెట్టే కదా అని మీ మేనేజరుతో ‘యు మే గో’ అని చూడండి, మర్యాద ఎంత పెరిగిందో ఆయనే చెప్తారు.

అసలు ఇవన్నీ ఒకే వరస మీద ఉండే మాటలు కావు. ‘కెన్’ అడిగేది వీలవుతుందా అని, ‘విల్’ అడిగేది ఇష్టమేనా అని, ‘మే’ అడిగేది అనుమతి ఉందా అని. మూడు వేరువేరు ప్రశ్నలు. నిచ్చెన గీసినవారికి ఒక్క ముక్క మాత్రం అందింది: ‘కెన్’ నుంచి ‘కుడ్’కి, ‘విల్’ నుంచి ‘వుడ్’కి వెళ్తే మాట మెత్తబడుతుంది. ఎందుకు మెత్తబడుతుందో చెప్పకుండా బాణం గుర్తు వేసి ఊరుకున్నారు. ఆకారానికి ఇవి భూతకాలం రూపాలు, కానీ ఇక్కడ జరిగిపోయిన కాలంతో పనిలేదు. ఆ రూపం అడుగుతున్న పనిని ‘ఇప్పుడే, ఇక్కడే’ అన్న దగ్గరితనం నుంచి ఒక అడుగు వెనక్కి జరిపి, ‘ఒకవేళ వీలైతే’ అన్న ఛాయ తెస్తుంది. కాదనడానికి ఎదుటివారికి కాస్త చోటు దొరుకుతుంది. మర్యాదంతా ఆ చోటులోనే ఉంది.

మనవాళ్లు ఇక్కడే బోల్తా పడేందుకు కారణం లేకపోలేదు. తెలుగులో గౌరవం క్రియ చివర కూర్చుంటుంది: పంపు అంటే ఒకటి, పంపండి అంటే ఇంకొకటి. ఇంగ్లిష్‌లో చిన్నాపెద్దా అందరికీ ఒకటే ‘యు’, ‘సెండ్’కి ‘అండి’ తగిలించే వీల్లేదు. ఆ లోటు పూడ్చడానికి మనం ఒక ‘ప్లీజ్’, ఒక ‘కైండ్లీ’, చివర ఒక ‘సర్’ అతికిస్తాం. ‘ప్లీజ్ కైండ్లీ సెండ్ ద ఫైల్ సర్’ అని ఎన్ని పూలు చుట్టినా లోపల ఉన్నది ఆజ్ఞే, కాకపోతే దండం పెట్టి జారీ చేసిన ఆజ్ఞ. కాదనే చోటు అందులో ఎక్కడుంది? ఆ చోటు ఇచ్చేది ‘కుడ్’, ‘వుడ్’ లాంటి మాటలే.

అలాగని నాలుగు ‘కుడ్’లు కలిపి కొట్టమని కాదు. ఒకే రిపోర్టు అడుగుదాం. రోజూ పక్కన కూర్చునే సహోద్యోగిని, అది పంపడమే ఆయన పనైతే, ‘కెన్ యు సెండ్ మి ద రిపోర్ట్?’ అంటే చాలు. నిచ్చెన దీన్ని అట్టడుగున పడేసింది గానీ ఇందులో మోటుతనం ఏమీ లేదు. పెద్దగా పరిచయం లేని వేరే టీమ్ మనిషిని, గంట ముందు గుర్తొచ్చి అడుగుతుంటే ‘కుడ్ యు సెండ్ మి’ అనాలి. ఆమె పనే కానిదాన్ని సెలవు రోజున చేసిపెట్టమంటుంటే ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్’ దాకా వెళ్లాలి. అక్కడ ‘వాజ్’, ‘కుడ్’ రెండూ కలిసి రెండడుగులు వెనక్కి వేస్తాయి. అడిగే పని ఎంత బరువైతే, మనిషి ఎంత దూరమైతే, అంత వెనక్కి.

ఇక బాణం గుర్తు భక్తుడు ఏం చేస్తాడంటే, పక్క సీటు స్నేహితుణ్ని ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ పాసిబ్లీ పాస్ మి ద పెన్’ అంటాడు. స్నేహితుడికి పెన్ను సంగతి వినపడదు. నిన్న నేనేమన్నానబ్బా, వీడికి ఇంత కోపం వచ్చింది అనుకుంటాడు. చిన్న పనికి పెద్ద దూరం పాటిస్తే అది వెటకారమో, అలకో అవుతుంది తప్ప వినయం కాదు.

‘వుడ్’ సంగతి ఇంకా గమ్మత్తు. అది ఇష్టాన్ని అడుగుతుంది కాబట్టి, ఇష్టం లేదనే వీలు లేని మనిషిని అడిగితే కోసుకుపోతుంది. ‘వుడ్ యు సిట్ డౌన్’ అని చివర్లో గొంతు దించి అంటే, కూర్చుంటావా లేదా అని అర్థం. లెక్కల్లో తేడా వచ్చిన రోజు బాస్ ‘వుడ్ యు లైక్ టు ఎక్స్‌ప్లెయిన్ దిస్?’ అంటే, లేదండీ అంత ఆసక్తి లేదు అనే ధైర్యం ఎవరికుంది? వీటన్నిటికీ తాత ఒకటుంది: ‘ఇఫ్ యు కుడ్ సెండ్ దిస్ బై ఫైవ్.’ ‘పంపగలిగితే’ అని మొదలుపెట్టి, పంపగలిగితే ఏమిటో చెప్పకుండా ఫుల్‌స్టాప్ పెట్టేశారు. ప్రశ్నార్థకం లేదు కాబట్టి జవాబుకు చోటు లేదు. ‘కుడ్’ తొడుక్కుని వచ్చిన హుకుం ఇది. దీన్ని సాఫ్ట్ స్కిల్స్ అని పిలిచి, పైగా సర్టిఫికెట్లు ఇస్తారు.

‘వుడ్ యు మైండ్ వెయిటింగ్?’ అని అడిగితే ‘యెస్ యెస్!’ అని నవ్వుతూ తలూపే మర్యాదస్తులకు ఒక ముక్క చెప్పి ముందుకు పోదాం. ‘మైండ్’ అంటే ఇక్కడ అభ్యంతరం. మీరు ఆగడానికి నిక్షేపంగా అభ్యంతరం ఉందని చెప్పి, మళ్లీ ఆగారు. ‘నో, నాట్ ఎట్ ఆల్’ అనాలి, లేదంటే ఉత్త ‘ష్యూర్’తో సరిపెట్టుకోవచ్చు.

వీటిని చూసి నవ్వుకోవచ్చు. కానీ ఈ నిచ్చెన తరగతి గదిలోకి వెళ్లినప్పుడు జరిగేది నవ్వుకునేది కాదు. ఒక పిల్లవాడు లేచి నిలబడి ‘కెన్ ఐ గో టు ద టాయిలెట్?’ అంటాడు. టీచరు కళ్లజోడు సవరించుకుని ‘ఐ డోంట్ నో, కెన్ యు?’ అంటారు. క్లాసంతా ఘొల్లుమంటుంది. వాడు కాళ్లు దగ్గరగా పెట్టుకుని, ఎర్రబడ్డ మొహంతో, తప్పెక్కడో తెలియక మళ్లీ అదే అడుగుతాడు. ‘మే ఐ’ అనేదాకా కదలనివ్వరు.

వాడు అన్నదాంట్లో తప్పే లేదు. అనుమతి అడగడానికి ‘కెన్ ఐ’ అనడం నూరేళ్లకు పైగా ఇంగ్లిష్‌లో ఉన్నదే, నేటి నిఘంటువులూ వ్యాకరణాలూ ఒప్పుకున్నదే. ‘మే ఐ’ కాస్త లాంఛనంగా ఉంటుంది, తేడా అంతే. ఇంకో సంగతి. ఇదే టీచరు ఐదు నిమిషాల క్రితం ‘కెన్ యు క్లోజ్ ద డోర్?’ అన్నారు. అప్పుడు పిల్లలెవరైనా ‘యెస్, ఐ కెన్’ అని చెప్పి కూర్చుంటే ఊరుకునేవారా? రూపం శక్తిని అడిగే ప్రశ్న, చేసేది అభ్యర్థన. జాన్ సెర్ల్ అనే తత్వవేత్త ఉప్పు అందించమని అడిగే ‘కెన్ యు పాస్ ద సాల్ట్?’ను పట్టుకుని 1975లోనే ఇది విప్పి చెప్పాడు. ఆయన చెప్పకపోయినా ఇంగ్లిష్ మాట్లాడే ప్రతి మనిషికీ తెలుసు, ఆ టీచరుతో సహా. తన నోట్లో ‘కెన్’ వస్తే అభ్యర్థన, పిల్లవాడి నోట్లో వస్తే అజ్ఞానం! ఇది వ్యాకరణం కాదు. ఒంటి అవసరాన్ని ఆపుకుంటున్న పిల్లవాణ్ని నలుగురిలో నిలబెట్టి ఆడుకోవడం. మర్యాద నేర్పుతున్నామని పేరు పెట్టి చేసే పచ్చి అమర్యాద. సిగ్గుపడాల్సింది వాడు కాదు.

ఆ ప్రశ్నకు జవాబు ‘యెస్, గో.’ ‘మే’ పాఠం అంత కొంప మునిగేదైతే, వాడు తిరిగొచ్చి స్థిమితంగా కూర్చున్నాక చెప్పండి.