మాట్లాడినవాడికే మార్కులా?

బరంపురంలోని ఒక డిగ్రీ కాలేజీలో నలుగురి జట్టు ఉందనుకుందాం. ప్రాజెక్టు గోపాలపూర్ తీరంలో చేపల అమ్మకం మీద. తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఇళ్లకు వెళ్లి, దళారి దగ్గర ఎవరికెంత అప్పుందో, ధర ఎవరు నిర్ణయిస్తారో రాబట్టింది ఇంట్లో తెలుగే మాట్లాడే అమ్మాయి. వేదికెక్కి ఇంగ్లీషులో గడగడా చెప్పింది మరో కుర్రాడు. పరీక్షకుల కాగితంలో ఉచ్చారణ, ధైర్యం అన్న గడులే ఉంటే మార్కులు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

అందుకే ఆ మార్కుల కాగితంలో, అంటే రూబ్రిక్‌లో 60 మార్కులు జట్టు పనికి, 40 ఒక్కొక్కరి మౌఖిక పరీక్షకు విడదీయాలంటాను. చెప్పిన తీరు జట్టు వాటాలోనే ఓ 10 మార్కులకు మించకూడదు. స్లైడ్ల రంగులకైతే విడిగా గడే అనవసరం.

జట్టుకు 60కి 44 వచ్చాయనుకోండి. అందులో సగం, అంటే 22, నలుగురికీ సమానం. మిగతా 22ను తోటివాళ్ల అంచనాతో గుణించాలి. ఒక్కొక్కరికీ 30 పాయింట్లిచ్చి, తనను వదిలేసి మిగతా ముగ్గురికీ చాటుగా పంచమనాలి. అందరూ సమానంగా పనిచేస్తే తలా 10. మన అమ్మాయికి 12, 11, 13 వచ్చాయి. సగటు 12, దాన్ని 10తో భాగిస్తే గుణకం 1.2. ఆమెకు 22, 26.4 కలిపి 48.4. వేదికెక్కిన కుర్రాడికి 9, 10, 8 వచ్చాయి. గుణకం 0.9, మొత్తం 41.8. మొత్తం 44నూ గుణిస్తే తేడా రెట్టింపవుతుంది. ఒకరి మీద కోపం అంత దూరం పోకూడదనే సగం ఆపడం.

ఈ లెక్కను స్నేహాలు చెడగొడతాయి. నలుగురూ ఒప్పందం చేసుకుని అందరికీ 10 వేస్తే గుణకం పనికిరాదు. అది నిజమైన సమానత్వమా, కుమ్మక్కా అన్నది 40 మార్కుల మౌఖికంలో తేలిపోతుంది. అక్కడ ప్రశ్నలు ఎవరికి ఏ భాగం మీద పడతాయో ముందు తెలియకూడదు. స్లైడ్ మీదున్నదే తిరిగి చెబితే సగం మార్కులు. ఏ ఇంటర్వ్యూను ఎందుకు పక్కనపెట్టారో, వరుసగా వారం రోజులు వేటకు వెళ్లకపోతే లెక్క ఎలా మారేదో చెప్పగలిగితే పూర్తి మార్కులు. పాయింట్లు సమానంగా ఉండి జవాబుల్లో మాత్రం పెద్ద తేడా కనిపిస్తే, వారంవారం రాసిన పని పుస్తకం తెరిపించాలి. ముగ్గురూ కలిసి ఒకరికే తక్కువ వేసినా అదే పని. అది సోమరితనమూ కావచ్చు, వెలివేతా కావచ్చు.

మౌఖికంలో జవాబు ఏ భాషలో చెప్పాలో విద్యార్థి ఇష్టం. తెలుగు వచ్చిన అధ్యాపకుణ్ణి పక్కన కూర్చోబెట్టడం బరంపురంలో పెద్ద కష్టమేమీ కాదు. ఇంగ్లీషు నేర్పడమే కోర్సు ఉద్దేశమైతే దానికి వేరే పరీక్ష పెట్టుకోవచ్చు. ఇక్కడ కొలిచేది తీరంలో ఎవరు ఏం తెలుసుకున్నారన్నది.