రిపోర్టులో బల్జ్ అని ఉంటే ఆపరేషన్ తప్పదా?

"ఎమ్మారైలో డిస్క్ బల్జ్, యాన్యులర్ టియర్ అని వస్తే డిస్క్ జారి చిరిగిపోయినట్టే. ఫొరామినల్ న్యారోయింగ్ కూడా ఉంటే నరం నలుగుతోంది, ఆపరేషన్ తప్పదు. అందరికీ పంపండి."

ఈ ఫార్వర్డ్ మెసేజ్‌లో ముందు 'జారడం' గురించి. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఎక్కడికీ జారదు. పైనా కిందా ఎముకలకు గట్టిగా అతుక్కునే ఉంటుంది. గాలి కాస్త తగ్గిన టైరు ఉబ్బినట్టు అది చుట్టూ కొద్దిగా ఉబ్బితే బల్జ్ అంటాం. ఒకచోట మాత్రమే ముందుకొస్తే ప్రొట్రూజన్. నడుము నొప్పి లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. అందులో 40 ఏళ్ల వయసువాళ్లలో సగం మందికి బల్జ్, మూడో వంతు మందికి ప్రొట్రూజన్ ఉన్నాయి. వాళ్లకు నొప్పే లేదు!

ఇక టియర్. ఆ మాట వినగానే ఏదో తెగిందని భయపడతాం. నిజానికి అది డిస్కు చుట్టూ ఉండే పట్టీలో వచ్చే చీలిక. దెబ్బ తగలకుండానే, వయసుతో కూడా వస్తుంది. గాయం అనే అర్థం రాకూడదనే 2014 నాటి పదాల మార్గదర్శకాలు టియర్ బదులు 'ఫిషర్' అని రాయమన్నాయి. మన రిపోర్టుల్లో పాత మాట ఇంకా కనిపిస్తూనే ఉంది.

అసలు జాగ్రత్తగా చదవాల్సింది మూడోది, ఫొరామినల్ న్యారోయింగ్. ఫొరామెన్ అంటే వెన్ను నుంచి నరం పక్కకు బయటికి వచ్చే రంధ్రం. అది ఇరుకవడమే న్యారోయింగ్. లోపల నరం చుట్టూ కొవ్వు ఉంటుంది. 'మైల్డ్' అంటే ఆ కొవ్వు కాస్త తగ్గింది, నరం ఆకారం మారలేదు. 'సివియర్' అంటే కొవ్వు పోయి నరం నొక్కుకుపోయింది. కాబట్టి న్యారోయింగ్‌కు ముందున్న మాట చూడండి.

కూకట్‌పల్లి నుంచి రోజూ బైక్ మీద ఆఫీసుకు వెళ్లే 42 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. రిపోర్టులో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య, ఎడమవైపు ప్రొట్రూజన్, యాన్యులర్ టియర్, రెండువైపులా మైల్డ్ న్యారోయింగ్. ఆ ప్రొట్రూజన్ మామూలుగా తాకేది కిందికి దిగే ఎల్5 నరాన్ని. నొప్పి దానిదైతే ఎడమ పిరుదు నుంచి పిక్క బయటివైపుగా పాదం పైభాగానికి, బొటనవేలికి లాగాలి. ఆ వేలు పైకెత్తే బలం కూడా తగ్గొచ్చు. ఈయనకేమో నొప్పి నడుము కుడివైపున మాత్రమే, కాలిలోకి దిగదు. రిపోర్టు, ఒళ్లు ఒకే మాట చెప్పడం లేదు. ఇక్కడ ఆ ప్రొట్రూజన్‌కు ఆపరేషన్ చేస్తే ఆ నొప్పి పోతుందన్న ఆశ పెట్టుకోలేం. ఒకవేళ రెండూ కలిసినా, డిస్కు వల్ల వచ్చే కాలి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. ముందుకొచ్చిన భాగం తనంతట తాను కుంచించుకుపోవడం కూడా మామూలే.

కానీ మూత్రం రాక ఆగిపోయినా, అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకుండా వేలాడుతున్నా ఆగకండి. అర్ధరాత్రి అయినా సరే, అప్పటికప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి.