హెచ్‌ఆర్ వారికి, ఒక రబ్బరు స్టాంపు కోరుతూ

హెచ్‌ఆర్ విభాగం వారికి నమస్కరించి వ్రాయునది.

ఫ్రాన్స్ వెళ్లడానికి షెంజెన్ వీసాకి జీతం సర్టిఫికెట్ కావాలని టికెట్ వేస్తే మీరు పంపిన పీడీఎఫ్ అందింది. హోదా, చేరిన తేదీ, జీతం అన్నీ ఉన్నాయి, లేనిదల్లా అది మన కంపెనీ ఇచ్చిందన్న ఆనవాలే. అడుగున మాత్రం "ఇది కంప్యూటర్ తయారుచేసిన పత్రం, సంతకం అవసరం లేదు" అని ఉంది. ఎవరికి అవసరం లేదో రాయలేదు. వీసా కౌంటర్ వాళ్లకైతే ఉందట.

మళ్లీ అడిగితే డిజిటల్ సంతకం పెట్టారు. అది చట్టప్రకారం చెల్లుతుంది, కాదనను, కానీ కౌంటర్‌లో ఇచ్చేది ప్రింటు కదా, ఆ ప్రింటులో మీ సంతకం చోట పసుపు రంగు ప్రశ్నార్థకం, పక్కనే Signature Not Verified అని వచ్చింది. నా ఉద్యోగం మీద నాకే అనుమానం మొదలైంది.

సీల్ మాటెత్తితే, 2015లో కంపెనీల చట్టం సవరించాక కంపెనీకి సీల్ ఉండి తీరాలని లేదని లీగల్ వారు సెలవిచ్చారు. నిజమే, కానీ ఆ సవరణ కంపెనీ అధికారిక ముద్ర అయిన కామన్ సీల్ గురించి. నేనడిగేది కింద రిసెప్షన్‌లో కొరియర్ రాగానే టపీమని వేసే రబ్బరు స్టాంపు. కొరియర్ రసీదుకి దక్కే మర్యాద నా జీతానికీ దక్కాలని మనవి.

ఇక అంకె సంగతి. మీరు ఏడాదికి 12 లక్షలని సీటీసీ రాసి ఊరుకున్నారు. వీసా ఆఫీసరు బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని, నెలకి లక్ష రావాలి కదా, 85,395 పడిందేం అనుకుంటాడు. బేసిక్ 50,000, దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 6,000, గ్రాట్యుటీ కింద 2,405, ఈ రెండూ నా జీతమేనని మీరంటారు గానీ నా ఖాతాకి ఆ సంగతి తెలియదు. మిగిలిన 91,595లోంచి నా వాటా పీఎఫ్ ఇంకో 6,000, వృత్తి పన్ను 200 పోతాయి. (ఆదాయపు పన్ను పడలేదు, అదొక్కటే అదృష్టం.) ఈ కోతలన్నీ రాసి, చేతికొచ్చేది ఎంతో కింద వేయండి, లేకపోతే ఆ తేడా నేనేదో దాచినట్టు కనిపిస్తుంది.

మీ రికార్డులో నా ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. నాకు సెలవు మంజూరైందనీ, ఏ తేదీన తిరిగి డ్యూటీలో చేరతాననీ కూడా ఒక ముక్క వేయండి, అక్కడే ఉండిపోతానని వాళ్ల భయం. మీ అప్రైజల్ లెటర్ చూస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది, కాబట్టి అది జతచేయడం లేదు.

సంతకం పెట్టినవారి పేరు, హోదా స్టాంపు కింద మునిగిపోకుండా చూడండి. ఆఫీసు ఫోన్ నంబరు కూడా కావాలి, నిజంగా పనిచేస్తున్నాడా అని కాన్సులేట్ వాళ్లు ఫోన్ చేసి అడగొచ్చు. దయచేసి వాళ్లని మాత్రం టికెట్ వేయమనకండి.