కొవ్వొత్తి ప్రశ్నలో ‘బి’కి మార్కు ఎందుకు ఇవ్వలేదంటే

“టీచర్, ‘నీళ్ళ పళ్ళెంలో వెలుగుతున్న కొవ్వొత్తి మీద సీసా బోర్లిస్తే మంట ఆరి, నీళ్ళు సీసాలోకి ఎక్కుతాయి, ఎందుకు?’ అన్న 14వ ప్రశ్నకి బి ఎందుకు తప్పు? మంట లోపలున్న ఆక్సిజన్‌ని వాడేసుకుంది, ఆ ఖాళీలోకి నీళ్ళు ఎక్కాయి. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు, నీళ్ళు కూడా ఐదో వంతే ఎక్కాయి. గైడులో అలాగే ఉంది, వీడియోల్లోనూ అలాగే చెప్పారు, క్లాసులో దాదాపు అందరం అదే పెట్టాం.”

అవును, 42 మందిలో 31 మంది బి పెట్టారు. సి, అంటే ‘వేడెక్కిన గాలి చల్లబడి కుంచించుకోవడం’ పెట్టినవాళ్ళు ఆరుగురే, వాళ్ళలో ఇద్దరు గుడ్డిగా పెట్టామని నా దగ్గరే ఒప్పుకున్నారు. 31 మందీ ఒకేలా తప్పారంటే అది చదవకపోవడం వల్ల కాదు, చదివినదాంట్లోనే ఏదో ఉందని అర్థం. మీకంటే చాలా ముందు, రెండు వేల ఏళ్ళ పైమాటే, ఫిలో అనే గ్రీకు ఇంజనీరు ఇదే ప్రయోగం రాసిపెట్టి, మంట గాలిని తినేసింది కాబట్టి నీళ్ళు ఎక్కాయనే చెప్పాడు. కాబట్టి సిగ్గుపడక్కర్లేదు, కానీ మార్కు మాత్రం ఇవ్వను. మీ వాదనలో ఉన్న ముక్కల్ని ఒక్కొక్కటే విడదీసి చూద్దాం.

మొదటి ముక్క: ఆక్సిజన్ అయిపోయింది కాబట్టే మంట ఆరింది.

అయిపోలేదు, తగ్గిందంతే. గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. మూసిన గ్లాసులో అది సుమారు 16 శాతానికి దిగేసరికే మామూలు కొవ్వొత్తి ఆరిపోతుంది, ఎందుకంటే అంత పలచబడిన ఆక్సిజన్‌తో మంటకి తన వేడిని తాను నిలబెట్టుకోవడం కుదరదు. ఈ 16 మీకు ఎక్కడో విన్నట్టుంది కదా? శ్వాసక్రియ పాఠంలో మనం వదిలే ఊపిరిలో ఉండే ఆక్సిజన్ కూడా దాదాపు అంతే. అంటే మంట ఆరిన గ్లాసులో నాలుగింట మూడొంతుల ఆక్సిజన్ అలాగే మిగిలి ఉంది, ‘మొత్తం వాడేసుకుంది’ అన్న మాట ఇక్కడే పోయింది.

రెండో ముక్క: వాడుకున్న ఆక్సిజన్ ఉన్న చోటు ఖాళీ అవుతుంది.

ఇదే అసలు మెలిక, కొంచెం ఓపిగ్గా చదవండి. మండటం అంటే ఆక్సిజన్ మాయమవడం కాదు, అది ఇంకో దాంట్లో చేరడం. మైనంలో ఉండే ఒక అణువుని తీసుకుని సమీకరణం తూచితే ఇలా వస్తుంది:

C25H52 + 38 O2 → 25 CO2 + 26 H2O

38 పాళ్ళ ఆక్సిజన్ పోతే 25 పాళ్ళ కార్బన్ డయాక్సైడ్ గ్యాసుగానే తిరిగొచ్చింది. నీటి ఆవిరి గ్లాసు గోడ మీద చెమటలా పట్టి నీరైపోతుంది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేద్దాం. అప్పుడు నిజంగా తగ్గే చోటు 38లో 13 పాళ్ళు మాత్రమే.

మన ల్యాబులో వాడింది అర లీటరు పచ్చడి సీసా కదా, దానికే లెక్క కడదాం. 500 మి.లీ. గాలిలో ఆక్సిజన్ 105 మి.లీ. ఉంటుంది. 21 శాతం నుంచి 16 శాతానికి దిగిందంటే ఖర్చయింది 25 మి.లీ. దాని బదులు వచ్చిన కార్బన్ డయాక్సైడ్ సుమారు 16 మి.లీ. మిగిలిన తేడా 9 మి.లీ., అంటే రెండు టీస్పూన్ల కంటే తక్కువే. మీకు ఇంకాస్త వెసులుబాటు ఇచ్చి, ఒక్క చుక్క మిగలకుండా ఆక్సిజన్ అంతా కాలిపోయిందనే అనుకుందాం, అప్పుడు కూడా తేడా 36 మి.లీ. దాటదు. అది సీసాలో 7 శాతం. ఐదో వంతు అంటే 20 శాతం. ఎటు లాగినా లెక్క అందదు.

ఇక్కడ ఎ పెట్టిన ఐదుగురూ లేచి, ఆ కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరిగిపోయింది కదా అంటారు. కరుగుతుంది, నేను కాదనను, కానీ కదలకుండా ఉన్న నీళ్ళలోకి, అంత చిన్న ఉపరితలం గుండా, అది చాలా నెమ్మదిగా వెళ్తుంది. సోడా చేసేవాళ్ళు అంత ఒత్తిడి పెట్టి కలిపేది ఊరికే కాదు. మీ సీసాలో నీళ్ళు ఎక్కింది కొన్ని సెకన్లలో.

మూడో ముక్క ఎవరూ రాయలేదు, కానీ బి సరైనదైతే అది కూడా నిజమై తీరాలి: మంట మండుతున్నంతసేపూ నీళ్ళు ఒక్క తీరుగా ఎక్కుతూ ఉండాలి, ఆరగానే ఆగిపోవాలి. ఆక్సిజన్ ఖర్చయ్యేది మండేటప్పుడే కదా.

జరిగింది దానికి తలకిందులు. మూడో బెంచీ వాళ్ళు ఫోన్‌లో తీసిన వీడియో ఉంది, స్లో మోషన్‌లో పెట్టి చూడండి. సీసా బోర్లించగానే అంచు కిందనుంచి రెండు మూడు బుడగలు బయటికి వచ్చాయి. అంటే లోపల చోటు ఖాళీ అవడం కాదు, గాలి వేడికి ఉబ్బి బయటికి తోసుకుని పోతోంది. ఆ తర్వాత కాసేపు నీళ్ళు పెద్దగా కదల్లేదు. మంట చిన్నదై, నీలంగా మారి, ఒత్తి మీద పొగ లేచాక చూడండి, అప్పుడు ఒక్కసారిగా సర్రున ఎక్కాయి. మంట లేనప్పుడు ఆక్సిజన్ని ఎవరు వాడుకుంటున్నట్టు? ఆ బుడగలే అసలు దొంగని, అంటే వేడిని, పట్టించే ఆధారం. మీ వీడియోలోనే ఉన్నా ఒక్కరూ రికార్డులో రాయలేదు, ‘మంట ఆరింది, నీరు పైకి వచ్చింది’ అని గైడు వాక్యం దించేశారు.

జరిగిందేమిటంటే, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి సీసా దించేటప్పుడు మంట చుట్టూ ఉన్న వేడి గాలినే మనం పట్టి మూస్తున్నాం. వేడెక్కిన గాలి వ్యాకోచించి ఉంటుంది, అందుకని సీసాలో పట్టిన గాలి మామూలుకంటే తక్కువ. మూశాక ఇంకా వేడెక్కి కొంత బుడగలుగా పోయింది. మంట ఆరింది, గాలి చల్లబడింది, లోపల ఒత్తిడి పడిపోయింది, బయటి వాతావరణం పళ్ళెంలోని నీళ్ళని లోపలికి నెట్టింది. లోపలున్నదేదో లాగలేదు, బయటిది తోసింది.

నాలుగో ముక్క, ఐదో వంతు. మీ అందరి టెన్షన్ దీని దగ్గరే, “అంత కరెక్టుగా ఎలా సరిపోయింది టీచర్” అని.

ముందు, సరిపోలేదు. బోర్డు మీద ఆరు గ్రూపుల కొలతలూ రాశాం కదా: అందరివీ ఒకే రకం సీసాలు, అయినా ఒక గ్రూపుకి 40 మి.లీ. ఎక్కితే ఇంకో గ్రూపుకి 110 మి.లీ. ఎక్కింది. ఆరు సీసాల్లోనూ అదే గది గాలి, అదే 21 శాతం. ఆక్సిజనే కారణమైతే కొలతలు ఇంత చెదరకూడదు. 40 వచ్చినవాళ్ళు సీసాని గభాలున బోర్లించారు, లోపల గాలి అంతగా వేడెక్కే టైమే లేదు. 110 వచ్చినవాళ్ళు మంట మీద కాసేపు పట్టుకుని నెమ్మదిగా దించారు. ఆ గ్రూపే తర్వాత మూడు కొవ్వొత్తులు పెట్టి చూస్తే నీళ్ళు ఇంకా పైకి వచ్చాయి. కొవ్వొత్తులు పెరిగితే ఆక్సిజన్ పెరుగుతుందా? పెరిగింది వేడి.

ఇప్పుడు వేడి లెక్క. గ్యాసుల లెక్కల్లో సెల్సియస్‌కి 273 కలుపుకోవాలని గుర్తుంది కదా. మూసేటప్పుడు లోపలి గాలి సగటున 100 డిగ్రీలు ఉందనుకుందాం, అంటే 373. గది 30 డిగ్రీలు, అంటే 303. 500 మి.లీ. గాలి చల్లబడితే 500 × 303 ÷ 373, సుమారు 406 మి.లీ. అవుతుంది. తగ్గింది 94 మి.లీ., 19 శాతం! ఐదో వంతుకి వెంట్రుకవాసి తేడా. ఆ 100 డిగ్రీలనేది నా అంచనా మాత్రమే, మంట పక్కన ఇంకా ఎక్కువ, గోడ పక్కన తక్కువ ఉంటుంది. అదే సగటు 60 అనుకుంటే తగ్గేది 45 మి.లీ. మాత్రమే. ఐదో వంతు అనేది అప్పుడప్పుడు తగిలే కాకతాళీయం, అలా తగిలినప్పుడు తీసిన వీడియోనే అందరూ పంచుకుంటారు, 40 మి.లీ. వచ్చిన వీడియో ఎవరూ పెట్టరు.

అసలు మంటే లేకుండా కూడా ఇది చూడొచ్చు. పొద్దున పొగలు కక్కే అన్నం పెట్టి మూత బిగించిన స్టీలు బాక్సు మధ్యాహ్నం తెరవబోతే మూత రాదు, పక్కవాడి చేతికిస్తారు, వాడూ పళ్ళు బిగబట్టి లాగుతాడు. ఆ బాక్సులో కొవ్వొత్తి ఎవరు వెలిగించారు? ఆవిరి నీరైంది, గాలి చల్లబడింది, బయటి గాలి మూతని నొక్కి పట్టింది. మన సీసా కథా అదే.

మరి ఆక్సిజన్ ఐదో వంతని నిజంగా చూపించలేమా అని అడిగిన అమ్మాయికి: చూపించొచ్చు, మంటతో కాదు, తుప్పుతో. ఇనుము తుప్పు పట్టేటప్పుడు ఆక్సిజన్‌ని తీసుకుంటుంది, బదులుగా ఏ గ్యాసూ వదలదు, వేడి కూడా తెలియనంత నెమ్మదిగా వస్తుంది కాబట్టి మన దొంగకి ఇక్కడ చోటు లేదు. పోయినేడు గిన్నెలు తోమే స్టీలు పీచు పెట్టి రెండు రోజులు ఎదురుచూశాను, నీళ్ళు ఒక్క గీత కదల్లేదు. తర్వాత వెలిగింది, ఆ పీచు తుప్పు పట్టని స్టీలు! ఈసారి లేత్ షాపు నుంచి ఇనుప రజను తెచ్చి, నూనె జిడ్డు పోయేలా సబ్బు నీళ్ళతో కడిగి, వెనిగర్‌లో కాసేపు ఉంచి, తడిగానే పరీక్షనాళికలో అడుగున అంటించి నీళ్ళలో బోర్లించాను. సోమవారం ఉదయం స్కెచ్ పెన్‌తో నీటి మట్టం దగ్గర నల్ల గీత పెట్టాను, నాళిక పొడవులో ఐదో వంతు దగ్గర ఎర్ర గీత.

ల్యాబు కిటికీ దగ్గర ఉంది, ఎవరూ కదపకండి. గదిలో ఎండ వేడికి కూడా మట్టం కాస్త పైకీ కిందికీ ఆడుతుంది, కాబట్టి రోజూ ప్రార్థన అయిన వెంటనే, ఒకే టైముకి చూసి రాయండి. ఈ రోజు ఉదయానికి ఎర్ర గీతకి ఇంకా వేలెడు కింద ఉంది.